పొత్తికడుపుకు కరెంటు పెడుతుండగా 14వ సిట్టింగ్ నాటికి నీళ్ల విరేచనాలు, వికారం: అమ్మ విషయంలో సలహా కావాలి

పొగాకుతోట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 54 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని నిర్ధారణ అయిన తర్వాత మొత్తం 25 సిట్టింగులు రేడియేషన్, వారానికి ఒకసారి సిస్‌ప్లాటిన్ కీమో, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ అని వైద్యులు నిర్ణయించారు. నిన్నటికి 14 సిట్టింగులు పూర్తయ్యాయి. మొదటి రెండు వారాలు పెద్ద ఇబ్బంది లేదు, పైగా మలబద్ధకంగా ఉందని కూడా అన్నారు. 11వ సిట్టింగ్ నుంచి మాత్రం రోజుకు ఆరేడుసార్లు నీళ్లలా విరేచనం అవుతోంది, రాత్రి కూడా ఒకసారి లేవవలసి వస్తోంది. దానితో పాటు వికారం. అన్నం ముందు కూర్చుంటేనే కడుపులో తిప్పుతున్నదని అంటున్నారు.

మేము గది అద్దెకు తీసుకుని ఉంటున్నాము, ఆసుపత్రికి బస్సులో నలభై నిమిషాల ప్రయాణం. దారిలో ఇబ్బంది పడవలసి వస్తుందన్న భయంతో అమ్మ ఉదయం నుంచి మంచినీళ్లు కూడా తాగడం లేదు. చికిత్స గది దగ్గర అడిగితే ఇది అందరికీ వచ్చేదేనని చెప్పి పంపించారు. వైద్యుల సమీక్ష బుధవారం ఉంది, ఈరోజు ఆదివారం. అంతవరకు ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు, ఏ మందు అడగాలి అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

రామప్ప

అమ్మా, రేడియేషన్ అంటేనే ఒంట్లో విపరీతమైన వేడి. ఆ వేడికే కడుపు ఇలా అవుతుంది. కాబట్టి పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, సగ్గుబియ్యం జావ ఇవ్వండి, పాలు మానేయండి. విరేచనాన్ని మాత్రలతో కట్టేయకండి, లోపలి చెడు బయటకు పోవడమే మంచిది. మరీ ఎక్కువైతే మందుల షాపులో విరేచనాలకని అడిగితే ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన బిళ్ల ఇస్తారు, మూడు రోజులు వాడితే తగ్గుతుంది. మా ఇంట్లో ఎవరికి విరేచనాలైనా అదే వాడతాము.

వార్డు దీపం

నేను రేడియోథెరపీ విభాగంలో పదిహేడేళ్లు నర్సుగా పనిచేసి ఇటీవలే విరమించాను. ఆహారం సంగతి చెప్పే ముందు మీ దగ్గర నుంచి కొన్ని విషయాలు తెలియాలి, ఎందుకంటే వాటిని బట్టి బుధవారం వరకు ఆగవచ్చా, రేపు ఉదయమే చూపించాలా అన్నది తేలుతుంది. జ్వరం చూశారా? విరేచనంలో రక్తం గాని, జిగురు గాని ఉందా? నిన్నటి నుంచి ఎన్నిసార్లు మూత్రం వెళ్లారు, దాని రంగు ఎలా ఉంది? చికిత్స మొదలైన రోజున బరువు ఎంత, ఇప్పుడు ఎంత? కీమో ఏ రోజున ఎక్కిస్తున్నారు, వాంతులు ఏ రోజున ఎక్కువగా ఉంటున్నాయి? ఇంట్లో ఏ మాత్రలు వేస్తున్నారు, ఓఆర్‌ఎస్ ఇస్తుంటే ఏ ప్యాకెట్టు, ఎన్ని నీళ్లలో కలుపుతున్నారు?

రామప్పగారి మాటల్లో మజ్జిగ, సగ్గుబియ్యం, పాలు మానడం వరకు నాకు అభ్యంతరం లేదు. అయితే ఇది వేడి వల్ల వచ్చింది కాదు, ఆ కిరణాల వల్ల ఒంటి ఉష్ణోగ్రత పెరగదు. చిన్నప్రేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి పాతది రాలిపోయి కొత్తది వస్తుంటుంది. ఆ కొత్త కణాలను తయారుచేసే చోటే కిరణాల దెబ్బ తగులుతుంది కనుక, రాలిపోయినంత వేగంగా కొత్త పొర రాదు. అందుకే మొదటి వారంలో ఏమీ తెలియక, రెండు మూడు వారాల మధ్య ఒక్కసారిగా మొదలవుతుంది. అరిగిన పొర నీటిని, పాలలోని చక్కెరను సరిగా పీల్చుకోలేదు. ఇందులో బయటకు పోవలసిన విషమేమీ లేదు, పోతున్నది ఒంట్లోని నీరూ ఉప్పులే. సూక్ష్మజీవుల వల్ల వచ్చిన విరేచనాల విషయంలో రామప్పగారి హెచ్చరికకు అర్థం ఉంది, అప్పుడు ప్రేగు కదలికను ఆపే మాత్ర వేస్తే హాని జరగవచ్చు. జ్వరం, రక్తం గురించి ముందుగా అడిగింది అందుకే. ఇక షాపులో ఇచ్చే ఆ జంట బిళ్ల ఈ అరిగిన పొరను బాగుచేయదు, నోరు చేదెక్కించి వికారాన్ని పెంచుతుంది. దయచేసి వేయవద్దు.

పొగాకుతోట

మేడమ్, మీ ప్రశ్నలకు సమాధానాలు. జ్వరం 98.8 డిగ్రీలు, రక్తం లేదు. నిన్న మూత్రానికి మూడుసార్లే వెళ్లారు, ముదురు పసుపు రంగులో ఉంది. మొదటి రోజున బరువు 52 కిలోలు, ఈరోజు ఎదురింటివారి తూకంలో 49.5. కీమో బుధవారం ఎక్కిస్తారు, ఆ రెండు రోజులు బాగానే ఉండి శుక్ర, శని వారాల్లో వాంతులు ఎక్కువగా ఉంటున్నాయి. వాంతులకు ఒండాన్‌సెట్రాన్ 8 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు, కడుపు మంటకు మరొకటి వేస్తున్నాము.

తినడం విషయానికి వస్తే ఉదయం రాగి జావ, బలం కోసమని రాత్రి పెద్ద గ్లాసు పాలు, మధ్యాహ్నం గోంగూర పప్పుతో కాస్త అన్నం. పుల్లగా ఉంటే తప్ప నోటికి ఏదీ రుచించడం లేదట. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు తెచ్చి, ఎక్కువ నీళ్లు తాగలేరని ఒక గ్లాసులోనే మొత్తం కలిపి ఇచ్చాము. అది తాగిన తర్వాత ఇంకా ఎక్కువైనట్లు అనిపించి మానేసి, పండ్ల రుచితో అట్టపెట్టెలో వచ్చేది కొని ఇస్తున్నాము.

వార్డు దీపం

ఇంత వివరంగా రాసినందుకు మేలు జరిగింది. అన్నిటికంటే ముందు ఆ ఓఆర్‌ఎస్ సంగతి. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీటికి కొలిచి చేసినది, ఒక గ్లాసు నీటికి చేసిన చిన్న ప్యాకెట్టు వేరుగా ఉంటుంది. లీటరు పొడిని గ్లాసులో కలిపితే అది మందుగా పనిచేయకపోగా, ఒంట్లోని నీటిని ప్రేగులోకి లాగి విరేచనాన్ని పెంచుతుంది, ఆ చిక్కటి ఉప్పుకు వికారమూ పెరుగుతుంది. అమ్మకు ఎక్కువైనట్లు అనిపించడం భ్రమ కాదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తం ప్యాకెట్టు ఒకేసారి కలిపి, రోజంతా రెండేసి గుక్కలుగా ఇచ్చి, మిగిలినది మరునాటికి పారబోయండి. అట్టపెట్టె పానీయాల్లో చాలావాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పులు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారు కానివాటిపై ఓఆర్‌ఎస్ అన్న పేరే ఉండకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. దాని వెనుక హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల వైద్యురాలి ఎనిమిదేళ్ల పోరాటం ఉంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉన్నా సోడియం తక్కువ కనుక, రుచికి ఇవ్వవచ్చు గాని ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు.

రెండవది, బుధవారం వరకు ఆగవద్దు. మూడు వారాల్లో రెండున్నర కిలోలు, అంటే ఉన్న బరువులో దాదాపు 5 శాతం తగ్గింది, మూత్రం తగ్గి ముదురు రంగుకు వచ్చింది. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద భారం వేసే మందు, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అది ఎక్కిస్తే ఆ భారం రెట్టింపవుతుంది. రేపు సిట్టింగ్‌కు వెళ్లినప్పుడు యంత్రం దగ్గరి సిబ్బందికి చెప్పి ఊరుకోకుండా, వైద్యులను కలవాలని స్పష్టంగా అడగండి. “రోజుకు ఒకసారి వెళ్లే మనిషి ఏడుసార్లు వెళ్తున్నారు, రాత్రి కూడా లేస్తున్నారు, రెండున్నర కిలోలు తగ్గారు, మూత్రం తగ్గింది” అని అంకెలతో చెప్పండి. “విరేచనాలు అవుతున్నాయి” అంటే అందరికీ ఉండేదే అన్న సమాధానం వస్తుంది, అంకెలు చెబితే రక్తపరీక్ష రాస్తారు. ఈలోగా జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, రక్తం కనిపించినా, లేవగానే కళ్లు తిరిగినా, తాగినదంతా వాంతి అయినా, ఏడెనిమిది గంటలు మూత్రం రాకపోయినా రాత్రి అని చూడకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.

మూడవది మీరు అడగనిది. సిట్టింగ్‌కు ముందు మూత్రాశయం నిండా ఉండాలని చెప్పి నీళ్లు తాగించేవారు కదా? నిండిన మూత్రాశయం చిన్నప్రేగు చుట్టలను పైకి నెట్టి కిరణాల దారి నుంచి తప్పిస్తుంది. అమ్మ భయంతో నీళ్లు మానేస్తే ప్రేగు కిందికి జారి మరింత దెబ్బ తింటుంది, విరేచనం పెరుగుతుంది, దానితో భయమూ పెరుగుతుంది. ఈ చక్రాన్ని వైద్యులు రాసే విరేచనాల మాత్రతోనే తెంచాలి. ఆసుపత్రికి చేరిన తర్వాత, వారు చెప్పిన సమయానికి, చెప్పినన్ని నీళ్లు తాగించండి.

గోదావరి గట్టు

నాకు 2 సంవత్సరాల క్రితం ప్రొస్టేట్ గ్రంథికి రేడియేషన్ జరిగింది. నాకూ ఇదే బాధ. రోజుకు పదిసార్లు వెళ్లాలనిపించేది, వెళితే కాస్త జిగురు మాత్రమే వచ్చేది, మలద్వారం దగ్గర మంట. మా వైద్యులు లోపల పెట్టుకునే మందు రాశారు, వారంలో ఉపశమనం కలిగింది. మీ అమ్మగారికీ దానినే అడగండి, నా దగ్గర ఉన్న చీటీ ఫొటో పెట్టమంటే పెడతాను.

వార్డు దీపం

మీరు సాయం చేయాలనే రాశారు, కాని చీటీ పెట్టవద్దని కోరుతున్నాను. మీరు చెప్పినది పురీషనాళం వాచినప్పటి లక్షణం. వెళ్లాలన్న తొందర ఎక్కువ, వచ్చేది తక్కువ. ఈ అమ్మగారిది నీళ్లలా ఎక్కువ మొత్తంలో పోయే చిన్నప్రేగు బాధ. పైకి రెంటినీ లెక్కపెడితే ఒకే అంకె వస్తుంది, మందు మాత్రం ఒకటి కాదు. వైద్య బృందం చెప్పకుండా ఈ దశలో మలద్వారం నుంచి ఏ మందూ పెట్టకూడదు.

లెస్టర్ తెలుగు

నేను ఇంగ్లండులో ఆహార నిపుణురాలిగా క్యాన్సర్ రోగులతో పనిచేస్తున్నాను, మాది తెనాలి. మందుల సంగతి నర్సుగారికి వదిలి పళ్లెం గురించి మాత్రమే రాస్తాను.

రాగి జావ మంచిదే గాని ఇప్పుడు కాదు, అందులో కరగని పీచు ఎక్కువ. గోంగూర, తోటకూర, పప్పు పొట్టు, పచ్చి ఉల్లిపాయ, కొబ్బరి పచ్చడి కూడా అటువంటివే. పీచులో రెండు రకాలున్నాయన్నది మన ఇళ్లలో ఎవరూ చెప్పరు. బాగా మగ్గిన అరటిపండు, తొక్క తీసి ఉడికించిన ఆపిల్, ఓట్స్ జావ, మెత్తగా ఉడికిన క్యారెట్ వంటివాటిలో ఉండేది నీటిని పట్టుకుని జిగురుగా మారే పీచు, అది విరేచనాన్ని గట్టిపరుస్తుంది. పాలకు బదులు పులియని పెరుగు, మజ్జిగ తీసుకోవచ్చు, తోడుకున్నప్పుడు పాల చక్కెర కొంత తగ్గుతుంది. రెండు మూడు రోజులు పాలు మాని చూస్తే ఉబ్బరం తగ్గిందో లేదో మీకే తెలుస్తుంది. తగ్గకపోతే పాలు కారణం కాదు, ఊరికే మానవలసిన పనిలేదు.

అన్నిటికంటే నాకు దిగులు కలిగించేది మాంసకృత్తుల లోటు. విరేచనాలని చెప్పి మనవారు గంజికీ పథ్యానికీ దించేస్తారు, మనిషి నీరసపడిపోతారు. ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన మెత్తటి చేప పులుసు కారం లేకుండా, పొట్టు తీసిన పెసరపప్పుతో పలచటి కట్టు, ఇడ్లీ ఇవన్నీ పెట్టవచ్చు. మూడు పూటలు కాకుండా రెండు గంటలకొకసారి గుప్పెడు చొప్పున పెట్టండి. వేడి అన్నం, తాలింపు వాసనకు వికారం వస్తే గది వేడికి చల్లారిన పెరుగన్నం లేదా ఇడ్లీ తినగలుగుతారు. పులుపు మీద కోరిక ఉంటే మజ్జిగలో నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఉప్పు సరిపోతుంది, ఆవకాయ వద్దు.

ఒక మాట మాత్రం సరిచేయాలి. పొత్తికడుపు రేడియేషన్ అనగానే మొదటి రోజు నుంచే పీచంతా మానిపించడం పాత పద్ధతి. లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రివారు 2017లో ప్రచురించిన పరిశీలనలో, చికిత్స మొదటి నుంచీ పీచు ఎక్కువగా తిన్నవారికే ప్రేగు బాధ తక్కువగా కనిపించింది.

వార్డు దీపం

ఆ పరిశీలన గురించి నేనూ విన్నాను. అయితే వారు మొదటి రోజు నుంచి మొదలుపెట్టారు, ఏడుసార్లు విరేచనం అవుతున్న మనిషికి మధ్యలో పెంచలేదు. అక్కడి రొట్టె, ధాన్యాలకూ, మన గోంగూర, పచ్చిమిరప కారానికీ పోలిక ఎంతవరకు కుదురుతుందన్న సందేహమూ నాకు ఉంది. మా వార్డులో పీచు తగ్గించమనే చెప్పేవాళ్లము, తగ్గించినవారిలో చాలామందికి ఉపశమనం కనిపించేది.

లెస్టర్ తెలుగు

ఇప్పుడు తగ్గించాలన్న దానిలో మనిద్దరికీ తేడా లేదు. ఇంకా బాధ మొదలుకాని వేరే రోగి ఈ చర్చ చదివి రేపటి నుంచే కూరగాయలన్నీ మానేస్తారేమో అన్నదే నా ఆందోళన. ఇసబ్గోల్ కొద్దిగా వాడవచ్చని కూడా నేను అంటాను.

వార్డు దీపం

ఇసబ్గోల్ విషయంలో నేను మీతో ఏకీభవించలేను. దానికి తగినన్ని నీళ్లు తాగగలగాలి, ఈ అమ్మగారు గుక్కెడు నీళ్లకే వికారపడుతున్నారు. వైద్యులను అడగనిద్దాము.

పొగాకుతోట

మంగళవారం రాత్రి రాస్తున్నాను. నిన్న మేడమ్ చెప్పినట్లు అంకెలన్నీ కాగితం మీద రాసి చూపించగానే వైద్యులు రక్తపరీక్షలు రాశారు. మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ మొదట 0.7 ఉండగా ఇప్పుడు 1.3, పొటాషియం 3.1. తెల్ల రక్తకణాలు సరిపడా ఉన్నాయి. నిన్న, ఈరోజు సెలైన్ ఎక్కించారు, అందులో పొటాషియం కలిపారు. ఈ వారం కీమో ఆపి, వచ్చే వారం పరీక్ష చూసిన తర్వాత నిర్ణయిస్తామన్నారు. రేడియేషన్ మాత్రం ఆపలేదు, మధ్యలో రోజులు పోతే చికిత్స ఫలితం తగ్గుతుందని వివరించారు.

కడుపు నొక్కి చూసి, విరేచనాలకు లోపెరమైడ్ 2 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. మొదట రెండు, ఆ తర్వాత నీళ్లలా అయిన ప్రతిసారి ఒకటి, రోజుకు ఎనిమిది మాత్రలు దాటకూడదని చెప్పారు. వాంతులకు ఒండాన్‌సెట్రాన్ తగ్గించి, రాత్రి పడుకునే ముందు ఓలాంజపిన్ చిన్న మోతాదు ఇచ్చారు. అది మానసిక రోగులకు ఇచ్చే మందు అని షాపులో అన్నారు, అమ్మ భయపడి వేసుకోలేదు. వేయవచ్చా?

వార్డు దీపం

అది ఆ జబ్బులకూ వాడతారు, కీమో వికారానికీ వాడతారు. ఇక్కడ చిన్న మోతాదులో, వాంతుల కోసమే ఇచ్చారు. అమ్మకు రెండు రోజులు బాగుండి మూడవ రోజు వాంతులు పెరగడం సిస్‌ప్లాటిన్ తీరు. పొత్తికడుపు రేడియేషన్ ఒక్కటే అంత వాంతులు తెప్పించదు. ఆ ఆలస్యపు వికారం మీద ఒండాన్‌సెట్రాన్‌కు పట్టు తక్కువ, ఓలాంజపిన్‌కు ఎక్కువ. మత్తుగా ఉంటుంది కనుక రాత్రి లేచినప్పుడు మీరు చేయి పట్టుకుని తీసుకువెళ్లండి. మళ్లీ కీమో మొదలైనప్పుడు మూడవ రోజు వాంతుల సంగతి ముందుగానే గుర్తుచేస్తే, అదే రోజున ఇచ్చే మందులను కూడా మారుస్తారు. మొదటి రెండు వారాల మలబద్ధకానికి కూడా ఒండాన్‌సెట్రాన్ కారణమై ఉండవచ్చు. కడుపు నొక్కి చూడటం మంచి పని చేశారు. పైన గట్టి మలం అడ్డుపడి దాని పక్క నుంచి నీళ్లలా కారుతుంటే లోపెరమైడ్ ఇవ్వకూడదు.

ఎనిమిది మాత్రలంటే 16 మిల్లీగ్రాములు, అది వైద్యుల కనుసన్నల్లో ఉన్నవారికి చెప్పే గరిష్ఠం. దాన్ని దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, పొటాషియం తక్కువగా ఉన్నవారికి మరీ ఎక్కువ. రోజుకు ఎన్ని పడుతున్నాయో తెలిసిన తర్వాత, విరేచనం అయ్యేదాకా ఆగకుండా ఉదయం బయలుదేరే ముందు, భోజనానికి అరగంట ముందు అని సమయానికి వేయవచ్చా అని వైద్యులను అడగండి. రేడియేషన్ రోజూ జరుగుతోంది కనుక ఈ బాధ ఒక పూటతో పోయేది కాదు.

రామప్ప

మేడమ్, షాపు బిళ్ల గురించి నేను చెప్పినది వెనక్కి తీసుకుంటున్నాను. అయితే పెరుగులో మేలుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి కదా, అవే బిళ్లల రూపంలో దొరుకుతున్నాయి. అవి కూడా దండగేనా?

వార్డు దీపం

దండగ అనను. లాక్టోబాసిల్లస్ ఉన్నవాటిని పొత్తికడుపు రేడియేషన్‌లో విరేచనాలు రాకుండా ముందుగా వాడవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. కాని అవి బతికి ఉన్న సూక్ష్మజీవులు. కీమో వల్ల తెల్ల రక్తకణాలు పడిపోయిన మనిషికి వైద్యులు వద్దంటారు. కొందరు వైద్యులు సల్ఫాసలజీన్ కూడా ముందుజాగ్రత్తగా ఇస్తారు, దాదాపు అదే కుటుంబానికి చెందిన మెసలజీన్ మాత్రం ఈ పనికి వద్దని అదే మార్గదర్శకం చెబుతోంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదానికి బదులు మరొకటి తీసుకునే ప్రమాదం ఉంది కనుక చెబుతున్నాను.

పొగాకుతోట

నిన్నటికి 21 సిట్టింగులు పూర్తయ్యాయి. పాలు మానిన మూడవ రోజుకే ఉబ్బరం, గడగడ శబ్దం తగ్గాయి, కాబట్టి పాలు కారణమేనని అనుకుంటున్నాము. లోపెరమైడ్ ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అని సమయానికి వేయమన్నారు. ఇప్పుడు రోజుకు రెండు మూడుసార్లు, ముద్దగా వస్తోంది, రాత్రి లేవడం లేదు. ఆసుపత్రికి చేరిన తర్వాత నీళ్లు తాగుతున్నారు. బరువు 50.2. క్రియాటినిన్ 0.9కు దిగింది, ఈ బుధవారం కీమో ఇచ్చారు, సెలైన్ ఎక్కువగా ఎక్కించారు, శుక్రవారం వాంతి ఒక్కసారే అయింది. ఇసబ్గోల్ గురించి అడిగితే ఇప్పుడు వద్దు, చికిత్స ముగిసిన తర్వాత చూద్దామన్నారు.

25 అయిపోగానే గోంగూర పెట్టవచ్చా అని అమ్మ అడగమంటున్నారు.

వార్డు దీపం

చివరి సిట్టింగ్ అయిన మరునాడే ప్రేగు బాగుపడదు, ఒక్కోసారి మరో వారం పెరిగినట్లు కూడా ఉంటుంది. సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, అమ్మకు బ్రాకీథెరపీ కూడా ఉంది కనుక ఇంకొంచెం ఆగవలసి రావచ్చు. మాత్ర అవసరం తగ్గుతూ వచ్చి, అది లేకుండానే నాలుగైదు రోజులు ముద్దగా వచ్చిన తర్వాత, రెండు మూడు రోజులకొక కొత్త పదార్థం చొప్పున కలపండి. ముందు బీరకాయ, సొరకాయ, ఆ తర్వాత తోటకూర, చివరన గోంగూర. మొదటిసారి ఒక చెంచా చాలు.

లెస్టర్ తెలుగు

ఆరు వారాలు దాటినా నీళ్లలా అవుతుంటే, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ రంగుతో నూనె తేలినట్లు ఉంటే, రేడియేషన్ ప్రభావం ఇంకా పోలేదులే అని సర్దుకోవద్దు. చిన్నప్రేగు చివరి భాగం పైత్యరసాన్ని తిరిగి పీల్చుకోలేనప్పుడు అలా జరుగుతుంది, దానికి కొలెస్టిరమైన్ అనే వేరే పొడి ఉంది. సమీక్షకు వెళ్లినప్పుడు ఆ రంగు, ఆ జిడ్డు సంగతి వైద్యులకు చెప్పండి. చాలామంది సిగ్గుపడి చెప్పకుండానే వచ్చేస్తారు.